కప్ప గుడ్డులో నిద్ర

నిద్ర పట్టనివాళ్ళకి నిద్ర అమ్మడమంత తేలికైన వ్యాపారం ఇంకొకటి లేదు. మింగిన రోజు పట్టిందా, మందు గొప్పది. పట్టలేదా, మింగినవాడికి ఆలోచనలు ఎక్కువ, ఇంకో సీసా వాడాలి. ఈ రహస్యం మా మరిదికి ఎవరూ నేర్పలేదు, పుట్టుకతోనే వచ్చింది. ఇంట్లో అతన్ని అందరం డప్పు అంటాం, ఎందుకంటే అతనికి కొట్టుకోవడానికి వేరే డప్పు అక్కర్లేదు. మూలికల క్యాప్సూల్స్ తయారుచేసే కంపెనీలో పెద్ద మేనేజరు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత మీదే అతని ఉద్యోగం నడుస్తోంది.

నా ఉద్యోగం అంత కంటికి ఇంపైనది కాదు. నేను కప్ప గుడ్లకి సూదులు గుచ్చుతాను. ఆవగింజ కంటే చిన్నగా, ఒక పక్క నల్లగా ఒక పక్క తెల్లగా ఉండే గుడ్డు. దాన్లోకి మనిషి మెదడు తాలూకు రిసెప్టర్ తయారుచేసే జన్యు రాతను ఎక్కిస్తే, రెండు మూడు రోజుల్లో గుడ్డు అమాయకంగా ఆ రిసెప్టర్‌ని తన పైపొర మీద కట్టుకుంటుంది. అప్పుడు రెండు గాజు సూదులు గుచ్చి, మందు నీళ్ళు దాని మీదుగా పారించి, ఎంత కరెంటు ప్రవహిస్తోందో చూస్తాను. పదిహేడేళ్ళుగా ఇదే పని. ప్రపంచంలో ఎవరూ నన్ను చూసి అసూయపడలేదు, ఒక్క మా మరిది తప్ప. అతనికి కావలసింది నా దగ్గర ఉంది మరి: బొమ్మ.

ఆ బొమ్మ సంగతి చెప్పాలి. మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది. నరాల కణాలతో "ఇక చాలు, సద్దుమణగండి" అనేది అదే. ఆ మాట వినడానికి కణం మీద అయిదు ముక్కలు గుండ్రంగా చేరి కట్టిన తలుపు ఒకటి ఉంటుంది, నేను గుడ్డు చేత కట్టించే రిసెప్టర్ అదే. గాబా వచ్చి తాకితే తలుపు తెరుచుకుని ఉప్పులో ఉండే క్లోరైడ్ లోపలికి పోతుంది, కణం చల్లబడుతుంది. వలేరియన్ అనే మొక్క వేరులో ఉండే వలెరెనిక్ ఆమ్లం ఈ తలుపుని, గాబా తెరిచినప్పుడు, ఇంకాస్త బాగా తెరుచుకునేలా చేస్తుంది. అదీ అన్ని తలుపుల మీదా కాదు. అయిదు ముక్కల్లో బీటా రెండో, బీటా మూడో ఉంటేనే. వాటి స్థానంలో బీటా ఒకటి పెట్టానా, ఉలుకూ పలుకూ ఉండదు. బీటా మూడులో ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చినా అంతే. ఎలుకల్లో ఆ ఒక్కటీ మార్చి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. వాటికి ఈ ఆమ్లం ఇచ్చినా మామూలు ఎలుకలకి తగ్గినట్టు బెదురు తగ్గలేదు. అందుకే ఈ వేరు పనిచేస్తే గిస్తే ఇక్కడే పనిచేస్తుందేమో అని మా బోటివాళ్ళం అనుకుంటున్నాం. అనుకుంటున్నాం అన్నాను, తెలుసు అనలేదు. ఈ రెండు మాటలకీ తేడా మా మరిదికి తెలిస్తే ఇంక అతను మేనేజరు ఎందుకవుతాడు?

ఇక బొమ్మ: గాబా ఒక్కటే పారించినప్పుడు కరెంటు గీత చిన్న గుంటలా దిగుతుంది. దాంతోపాటు వలెరెనిక్ ఆమ్లం పారించినప్పుడు పెద్ద లోయలా దిగుతుంది. పక్కపక్కన చూస్తే చదువురానివాడికి కూడా అర్థమవుతుంది. అర్థమైందనిపిస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మరిది ఒక కరపత్రం నమూనా పట్టుకొచ్చాడు. డాక్టర్లకి పంచేదట. "నిద్రమాత్ర పనిచేసే చోటే, ప్రకృతి సిద్ధంగా" అని పైన రాసుంది. కింద సంతకానికి ఖాళీ వదిలి, శాస్త్రీయ సలహాదారు అని వేశాడు. ఆ ఖాళీలో నన్ను కూర్చోబెట్టాలని అతని ఆలోచన. చదివి కాగితం బల్ల మీద పెట్టేశాను. నిద్రమాత్ర కూర్చునేది ఆల్ఫా, గామా ముక్కల సందులో, ఈ ఆమ్లం కూర్చునేది బీటా ముక్క దగ్గర, చోటే వేరు అన్నాను. తలుపు ఒకటే కదా వదినా అన్నాడు. దొంగా, ఇంటివాడూ ఒకే గుమ్మంలోంచి వస్తారు, ఇద్దరికీ కాళ్ళు కడుగుతావా అన్నాను. మా ఆయన లేచి కిటికీ తలుపు సరిచేయడానికి వెళ్ళిపోయాడు. తమ్ముడికీ పెళ్ళానికీ మధ్య మాట వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఏదో ఒక తలుపు సరిచేయాల్సి వస్తుంది.

మేమెవ్వరం గమనించని మనిషి ఒకరు అక్కడే ఉన్నారు, మా అత్తగారు. ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. మామయ్యగారు పోయినప్పటినుంచి, అంటే ఎనిమిదేళ్ళుగా, రోజూ ఒక నిద్రమాత్ర వేసుకుంటున్నారు. నెల రోజులకని రాసిచ్చిన మాత్ర అది. ఎనిమిదేళ్ళ నెల అయింది. ఆ మాత్ర అంటే ఆవిడకి సిగ్గు. చుట్టాలొస్తే పర్సులో దాచేస్తారు. పొద్దున్నే కాళ్ళు తేలిపోతున్నాయనీ, పేర్లు మర్చిపోతున్నాననీ, అదంతా దానివల్లేననీ అంటారు. అందులో కొంత నిజమే. కరపత్రం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివి నా వైపు తిరిగారు.

"నువ్వు సంతకం పెట్టు. పెట్టిన రోజే నేను ఆ మాత్ర మానేసి దీంట్లోకి మారిపోతాను."

ఎనిమిదేళ్ళు అలవాటైన మాత్రని ఒక్కసారిగా ఆపితే నిద్ర దూరమవడమొక్కటే కాదు, వణుకు వస్తుంది, చెమటలు పడతాయి, ఒక్కోసారి మూర్ఛ కూడా వస్తుంది. ఆ వయసులో పడితే తుంటి విరుగుతుంది. మానాలంటే డాక్టరు చెప్పినట్టు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి, నేను సంతకం పెట్టినా పెట్టకపోయినా మీరు మాత్రం ఆపకండి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆవిడ తలాడించారు. మా అత్తగారి తలాడింపుకి అర్థం విన్నానని మాత్రమే, ఒప్పుకున్నానని కాదు. ఆ సంగతి పాతికేళ్ళ కాపురంలో నాకు తెలిసి ఉండాలి.

మరిది ఊరుకోలేదు. మనుషుల మీద కూడా పరీక్ష చేశాం, ఫలితాలు చూస్తే నువ్వే కలం అడుగుతావు అన్నాడు. సరే చూద్దామని రెండు రోజుల తర్వాత కంపెనీకి వెళ్ళాను.

లెక్కలు చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. నిద్ర సరిగా పట్టదన్న నలభై మంది. ఇరవై మందికి వేరు క్యాప్సూల్, ఇరవై మందికి మొక్కజొన్న పిండి నింపిన ఉత్తుత్తి క్యాప్సూల్. ఎవరికేది వెళ్ళిందో వాళ్ళకి చెప్పలేదు, దాన్నే గుడ్డి పరీక్ష అంటారు. రెండు వారాలయ్యాక నిద్ర మెరుగైందా అని అడిగితే వేరు మింగినవాళ్ళలో పద్నాలుగు మంది అవునన్నారు, పిండి మింగినవాళ్ళలో ఆరుగురే. అందరి చేతికీ నిద్రని కొలిచే వాచీలు కూడా కట్టారు. వాచీల కాగితం ఫైల్లో అన్నిటికంటే అడుగున ఉంది. పైకి తీసి చూశాను. నిద్రలోకి జారడానికి పట్టిన సమయం, మధ్యలో మెలకువలు, మొత్తం నిద్ర, రెండు గుంపులకీ ఒకటే. మనుషులు బాగా పడుకున్నామంటున్నారు, మణికట్టు మాత్రం లేదంటోంది. ఈ నలభై మందినీ ఎక్కడ పట్టావని అడిగాను.

"మనవాళ్ళే వదినా. ప్యాకింగ్ సెక్షన్."

ఎక్కడో లోపల నాకు నవ్వు మొదలైంది కానీ ఆపుకుని, ఆ సెక్షన్ చూపించమన్నాను.

వలేరియన్ వేరు వాసన తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను: వానలో తడిసిన బూటులోంచి రెండు రోజుల తర్వాత లాగిన సాక్సు. ప్యాకింగ్ గదిలోకి అడుగు పెట్టగానే ఆ కంపు ముక్కు మీద గుద్దింది. పొడి డ్రమ్ముల్లోంచి క్యాప్సూల్ యంత్రంలోకి పోతోంది, అక్కడినుంచి సీసాల్లోకి. ఆడవాళ్ళూ మగవాళ్ళూ తలకి టోపీలు, ముక్కుకి మాస్కులు పెట్టుకుని మూతలు బిగిస్తున్నారు. సూపర్‌వైజరు ఒక బక్కపల్చని ఆవిడ, పదకొండేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. ఆవిణ్ణి పక్కకి పిలిచి, పరీక్షలో మీకేది వచ్చిందో తెలుసా అని అడిగాను.

"తెలీకేం మేడం. మొదటిరోజు మూత తియ్యగానే తెలిసిపోయింది, నాది ఉత్తిదని. రోజంతా ఈ కంపులోనే కదా మేము బతికేది. అసలు మందు నా పక్క సీటావిడకి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటకే నాకు నిద్ర పట్టలేదు."

ఆవిడ మాటని రుజువు చేసుకుందామని నలభై మందికీ తలో చీటీ ఇచ్చి, మీరు మింగింది ఏదో రాయమన్నాను. ముప్పై ఏడుగురు సరిగ్గా రాశారు. ప్రపంచంలో ఈ వేరు వాసనని కళ్ళు మూసుకుని పట్టగలిగే మనుషుల్ని వెతికి వెతికి, ఏరి ఏరి, మా మరిది వాళ్ళ మీదే గుడ్డి పరీక్ష చేశాడు. అసలు మందు దక్కినవాళ్ళు దక్కిందని తెలిసి సంతోషంగా పడుకున్నారు. దక్కనివాళ్ళు మోసపోయామని తెలిసి పొర్లారు. అడిగినవాడేమో పై అధికారి. పైగా దీనికి ఏ కమిటీ అనుమతీ తీసుకోలేదు. ఇదే నేను సంతకం పెట్టాల్సిన విజ్ఞానశాస్త్రం!

ఇదంతా మొహం మీదే చెప్పాను. మా మరిది గొప్పతనం ఏమిటంటే తిట్లు అతనికి సలహాల్లా వినిపిస్తాయి. అయితే సరిగ్గా ఎలా చెయ్యాలో నువ్వే చెప్పు అన్నాడు. చెప్పాను. బయటి వైద్యుల కమిటీ అనుమతి తీసుకున్నాం. వద్దనుకున్నవాళ్ళు మధ్యలో మానేయొచ్చని రాయించాను. కంపెనీతో సంబంధం లేని, ఆ కంపు ఎన్నడూ ఎరగని నలభై మందిని ఒక క్లినిక్ ద్వారా పిలిపించాం. ఎవరికేది వెళ్తోందో ఇచ్చే నర్సుకి కూడా తెలియదు. పిండి క్యాప్సూల్స్‌ని రెండు వారాలు వేరు పొడి డ్రమ్ములోనే మూత పెట్టి ఉంచాం. బయటికి తీసేసరికి అవి అసలువాటి కంటే దర్జాగా కంపు కొట్టాయి. ఈ తతంగానికంతా నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అత్తగారు రోజూ మాత్ర వేసుకుంటూనే, వారానికోసారి సంతకం ఎంతవరకు వచ్చిందని అడుగుతూనే ఉన్నారు.

ఫలితం వచ్చింది. ఏది మింగారో ఊహించమంటే నలభైలో ఇరవై ఒక్క మంది సరిగ్గా చెప్పారు. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే, గుడ్డి పరీక్ష ఈసారి నిజంగానే గుడ్డిదన్నమాట. నిద్ర మెరుగైందన్నవాళ్ళు వేరు వైపు పదమూడు, పిండి వైపు పదకొండు. కంపు కొట్టే పిండి కూడా మనుషుల్ని హాయిగా నిద్రపుచ్చింది. వాచీల్లో తేడా ఏమీ లేదు.

పదమూడు పదకొండు కంటే ఎక్కువే కదా వదినా అన్నాడు. ఎక్కువే. ఇరవై ఇరవై మందిలో ఇద్దరి తేడా గాలివాటం కావచ్చు. నిజంగానే చిన్న మేలు ఏదో ఉండి, దాన్ని పట్టుకునేంత పెద్ద పరీక్ష మనం చెయ్యకపోయి ఉండొచ్చు. అదీ కాదనను. లోకంలో జరిగిన మిగతా పరీక్షల కథ కూడా ఇంచుమించు ఇదే. అడిగితే కొందరు బాగుందంటారు, యంత్రాలతో కొలిస్తే చాలావాటిలో కనబడదు. పరీక్షలు చిన్నవి, ఒకరు వాడిన మందు ఇంకొకరు వాడరు. ఒక సీసాలో ఉన్నంత ఆమ్లం పక్క సీసాలో ఉండదు. ఆ వేరులోనే ఉండే ఎసిటాక్సీ వలెరెనిక్ ఆమ్లమనే దాయాది అసలుదాని పనికి అడ్డం కూడా పడుతుంది. బాగా వచ్చిన ఫలితాలు అచ్చవుతాయి, రానివి బీరువాల్లో నిద్రపోతాయి. ఈ మొత్తం వ్యవహారంలో ఖాయంగా నిద్రపోయేవి అవే. నేను సంతకం పెట్టను, పెట్టలేను అన్నాను. మరిది మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు. నేనేమో గెలిచాననుకున్నాను. ఆ వారమంతా ల్యాబులో తల ఎగరేసుకుని తిరిగాను.

వారం దాటిన తర్వాత, పొద్దున్న అత్తగారికి కాఫీ ఇవ్వడానికి గదిలోకి వెళ్ళాను. ఆవిడ మంచం అంచున కూర్చుని ఉన్నారు. జాకెట్టు చెమటతో వీపుకి అంటుకుపోయింది. కప్పు అందుకోబోతే చెయ్యి ఎంత వణికిందంటే సగం కాఫీ ఒళ్ళో పోసుకున్నారు. వేడి తగిలినా చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయారు. ఏమైందంటే నిద్రపోయి రెండు రోజులైందన్నారు. దిండు పక్కన మరిది కంపెనీ సీసా, దాని కింద మడతపెట్టిన కరపత్రం ఉన్నాయి. మాత్ర ఎప్పుడు మానేశారని అడిగాను. నాలుగు వేళ్ళు చూపించారు. ఆ నాలుగు వేళ్ళూ వణుకుతూనే ఉన్నాయి.

అరగంటలో డాక్టరు దగ్గర ఉన్నాం. ఆయన నాడి చూసి, కళ్ళు చూసి, మూర్ఛ రాకపోవడం మీ అదృష్టం అన్నారు. పాత మాత్ర అక్కడే మళ్ళీ వేయించారు. రోజంతా కళ్ళ ముందు ఉంచుకుని, సాయంత్రానికి వణుకు తగ్గాక ఇంటికి పంపించారు. నిలకడగా ఉన్న తర్వాత కొంచెంకొంచెంగా తగ్గిద్దాం, ఎన్ని నెలలు పడితే అన్ని నెలలు అన్నారు. ఆ రోజు మధ్యాహ్నం క్లినిక్ వరండాలో కూర్చుని నేను మరిదికి ఫోన్ చేశాను. నా నోటికి వచ్చినవన్నీ అన్నాను, ఆ తర్వాత రానివి కూడా వెతుక్కుని అన్నాను. సంతకం లేకుండా కాగితం ఎలా అచ్చేశావని అడిగాను.

"సంతకం పెట్టనన్నావు, ఆ ఖాళీ తీసేశాను. బొమ్మ ఒక్కటే వేశాను. నేను కల్పించింది ఏం లేదు వదినా, అది నీ స్లైడే. ఒక్క గీత కూడా మార్చలేదు."

ఫోన్ పెట్టేసి అత్తగారి సంచిలోంచి ఆ కరపత్రం తీసి చూశాను. నా బొమ్మే. చిన్న గుంట, పక్కన పెద్ద లోయ. నేను రెండేళ్ళ కిందట ఒక పెద్ద సభలో చూపించి చప్పట్లు కొట్టించుకున్న స్లైడు. అడుగున మా ల్యాబు పేరు, దాని పక్కన నా పేరు. లోయ మీద "వలెరెనిక్ ఆమ్లంతో" అని ఉంది. ఎంత ఆమ్లంతో అన్నది లేదు.

అది నేనే తీసేశాను. ముప్పై మైక్రోమోలార్ అని, గుడ్డు మీద పారించిన ఆమ్లం ఎంత చిక్కనిదో చెప్పే అంకె బొమ్మ మూలలో ఇరుకుగా, అసహ్యంగా ఉందని తీసేశాను. సభలో ఉన్నవాళ్ళకి ఎలాగూ తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ గీత గుడ్డులో సగం లోతుకి దిగాలన్నా పది, ఇరవై మైక్రోమోలార్లు కావాలి. మనిషి ఒక క్యాప్సూల్ మింగితే రక్తంలోకి వచ్చేది అందులో వెయ్యో వంతు కూడా ఉండదు. రక్తంలో ఉన్నదంతా మెదడుకి చేరుతుందన్న హామీ కూడా లేదు. ఆ అంకె అక్కడ ఉంటే డాక్టరైనవాడు ఎవడైనా ఇది గుడ్డు సంగతి, మనిషి సంగతి కాదు అని ఒక్క చూపులో పట్టేవాడు. అంకె లేకపోతే అది కరపత్రం. మా మరిది నిజంగానే ఏం మార్చలేదు. కోతల పని ముందే నేను పూర్తిచేసి ఇచ్చాను. ఆ వరండా బెంచీ మీద కూర్చుని నా మీద నాకు వేసిన అసహ్యం అంతకుముందు ఇంకెవరి మీదా వెయ్యలేదు, అతని మీద కూడా.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టాను. కంపెనీకి మనిషిని పంపి ఆ కరపత్రాలు వెనక్కి తీయించాను. నా పేరు వాడితే బహిరంగంగా ఖండిస్తానని రాసి పంపేసరికి మరిది దిగొచ్చాడు. వాళ్ళమ్మని చూడ్డానికి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చాడు కూడా. ఏడుపు నిజమైనదే. తన తల్లి మాత్ర మానేస్తుందని అతనికి నిజంగా తోచలేదట. తన మాట ఎవరైనా అంత నిజంగా నమ్ముతారని అతను ఎన్నడూ అనుకోలేదు మరి.

అతను వెళ్ళాక అత్తగారు దిండుకి ఆనుకుని కూర్చుని, ఆ వేరు అసలు ఏమీ చెయ్యదా అని అడిగారు. కప్ప గుడ్డులో చేస్తుందన్నాను. మనిషికి చాలా కొద్దిగా చేస్తుందేమో, చేస్తుందని రుజువు మాత్రం గట్టిగా లేదు, మీ మాత్రకి బదులు మాత్రం కానే కాదు అన్నాను.

"మరి ఆ ముక్క బొమ్మ మీద ఎందుకు రాయలేదు?"

అందంగా ఉండదని తీసేశానని చెప్పాను. అబద్ధం ఆడటానికి ఆ గదిలో నాకు చోటు దొరకలేదు. ఆవిడ కోప్పడతారని చూశాను. కోప్పడితే బాగుండుననిపించింది.

"వాడు అమ్ముకునేవాడమ్మా," అన్నారు. "కన్నాను కనక వాడి మాట నేనెప్పుడూ సగమే నమ్ముతాను. మిగతా సగం నీ పేరు చూసి నమ్మాను."